వీడ్కోలు ప్రసంగంలో ‘మా విభాగం’ అనాలా, ‘మన విభాగం’ అనాలా?

అడిగినవారు (చివరి సంవత్సరం విద్యార్థిని):
సభ్యులందరికీ నమస్కారం. మా విభాగం వీడ్కోలు సభలో మా తరగతి తరఫున నేను మాట్లాడవలసి ఉంది. ఇలా రాసుకున్నాను: “మా విభాగాన్ని మేము మరచిపోలేము. మా గురువులు పాఠాలతో పాటు ప్రశ్నించడం నేర్పారు. మా జూనియర్లు ఈ సభ ఏర్పాటు చేశారు. అందరికీ మా కృతజ్ఞతలు.” పైకి చదివితే ఇన్ని ‘మా’లు చెవికి అడ్డు తగులుతున్నాయి. అన్నిటినీ ‘మన’ చేయవచ్చునా?

ఒక సభ్యుడు:
వద్దమ్మా. ‘మేము’ సభా మర్యాద, ‘మనం’ ఇంట్లో మాట. వేదిక మీద ‘మా’ అనడమే పద్ధతి.

తెలుగు అధ్యాపకురాలు:
వేదికకు ‘మా’ ఎక్కువగా నప్పుతుందన్న మాట కొంతవరకు నిజమే కాని, కారణం మర్యాద కాదండీ. వినేవారిని కలుపుకుంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’. ఆ విభాగంలోని వారి ఎదుటే నిలబడి ‘మా విభాగం’ అంటే, అది వారిది కాదన్నట్లు వినిపిస్తుంది కనుక అక్కడ ‘మన విభాగం’ అనాలి. అలాగని అన్నీ మార్చకూడదు. ‘మన కృతజ్ఞతలు’ అంటే గురువులు తమకు తామే కృతజ్ఞతలు చెప్పుకున్నట్లవుతుంది; అక్కడ ‘మా’యే ఉండాలి. ఇక ‘నేర్పారు’ అన్న క్రియ ‘మీరు’కూ ‘వారు’కూ ఒకటే కాబట్టి, ఎదుట కూర్చున్న గురువులను ఎక్కడో ఉన్నవారిలా చెప్పకుండా “మీరు మాకు నేర్పారు” అని కర్తను పలకండి.

మరొక సభ్యుడు:
‘వీడుకోలు’ అని రాయాలి కదా, ‘వీడ్కోలు’ సరైనదేనా?

తెలుగు అధ్యాపకురాలు:
రెండూ వాడుకలో ఉన్నవే. ఇక్కడ అడిగినది అది కాదు.

ఒక పూర్వ విద్యార్థి:
మా సభకు బయటినుంచి ముఖ్య అతిథి వచ్చారు. నేను ఆయన వైపు తిరిగి “మన విభాగానికి విచ్చేసిన మీకు స్వాగతం” అన్నాను. అది తప్పా?

తెలుగు అధ్యాపకురాలు:
ఆయనతో మాట్లాడేటప్పుడు ‘మా విభాగం’ అనడమే సహజం. అప్పుడా ‘మా’లో గురువులు, జూనియర్లు కూడా మీ పక్షాన చేరిపోతారు. అతిథినీ విభాగాన్నీ కలిపి ఒకే వాక్యంలో పలకరించవలసి వస్తే మాత్రం నాకూ తృప్తికరమైన మార్గం దొరకలేదు. రెండు వాక్యాలుగా విడగొడతాను.

అడిగినవారు:
ధన్యవాదాలు మేడమ్. ఇలా మార్చుకున్నాను: “మన విభాగాన్ని మేము మరచిపోలేము. గురువులారా, మీరు మాకు పాఠాలతో పాటు ప్రశ్నించడం నేర్పారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షల ఒత్తిడిలోనూ మీరు మా కోసం ఈ సభ ఏర్పాటు చేశారు. మీ అందరికీ మా కృతజ్ఞతలు.”

ఒక పూర్వ విద్యార్థి:
బాగుంది. అయితే వెళ్లిపోతున్నవారు ‘మన విభాగం’ అనవచ్చునా? నాకు ఆ చోట ‘మీ’ అనడానికి నోరు రాదు, ‘మన’ అనడానికి చొరవ చాలదు.

అడిగినవారు:
ఆ రోజుకు మేమింకా విద్యార్థులమే కనుక నేను ‘మన’ అనే ఉంచుతున్నానండీ.