బతుకమ్మకు తొమ్మిది రోజులు, తొమ్మిది పోస్టులు: గానుగ నూనె బ్రాండుకు తగునా?

గానుగ_ఓరుగల్లు:
మాది వరంగల్‌లో చిన్న గానుగ నూనె బ్రాండు. నువ్వుల నూనె, పల్లి నూనె ఎక్కువ పోతాయి. ఈసారి బతుకమ్మకు రోజుకొకటి చొప్పున తొమ్మిది పోస్టులు, సీసా మూతలతో బతుకమ్మ పేర్చిన ఒక రీల్, సద్దుల నాడు 20 శాతం ఆఫర్ అనుకుంటున్నం. "పండుగను అమ్ముకుంటున్నరు" అని అనిపించుకోకుండా చేయొచ్చా? లేక అసలు పెట్టకపోవడమే మంచిదా?

సూటిమాట:
పెట్టకండి. 2021లో ఫ్యాబ్‌ఇండియా దీపావళి ముందు తన బట్టల కలెక్షన్‌కు "జష్న్-ఎ-రివాజ్" అని ఉర్దూ పేరు పెట్టి పోస్టు చేసింది, గొడవయ్యాక తీసేసింది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, మీరెంత? శుభాకాంక్షల పోస్టు ఒకటి వేసి ఊరుకోండి.

తంగేడు_గునుగు:
సూటిమాట గారూ, అక్కడ గొడవ పండుగ పేరు మీద వచ్చింది. ఈయనకున్న ఇబ్బంది వేరు. ఈయన బతుకమ్మను బతుకమ్మ అనే అంటున్నారు, కానీ ఆ తొమ్మిది రోజుల్లో తన నూనెకు చోటెక్కడుందో చూసుకోలేదు. ఇక శుభాకాంక్షల పోస్టు అంటారా, అదే అన్నిటికన్నా ఖాళీ పోస్టు. అదే బొమ్మ, అదే వాక్యం, కింద లోగో మారుతుందంతే. సిమెంటు కంపెనీదైనా, స్కానింగ్ సెంటర్‌దైనా ఒక్కటే.

అన్నా, తొమ్మిది పోస్టుల ఆలోచన ఆరో రోజున చెడుతుంది. ఆ రోజు అలిగిన బతుకమ్మ. బతుకమ్మ పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. ముందే షెడ్యూల్ చేసి పెట్టిన "ఆరో రోజు శుభాకాంక్షలు, నేటి నైవేద్యం" అన్న పోస్టు ఆ పొద్దున వెళ్లిందనుకోండి, ఇంట్లో ఆడినవాళ్లెవరూ రాయలేదని కామెంట్లలో మొదటి గంటలోనే తేలిపోతుంది. మిగిలిన ఎనిమిది ఎంత బాగున్నా ఎవరూ చూడరు.

ఆ తర్వాత నైవేద్యాలు చూడండి. మొదటి రోజు ఎంగిలి పూల బతుకమ్మకు నువ్వులు, నూకలు లేదా బియ్యప్పిండి. ఐదో రోజు అట్లు. ఏడో రోజు బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. చివరి రోజు సద్దుల్లో నువ్వులది ఒకటి. మీకు సంబంధం ఉన్నవి ఈ నాలుగే. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, వెన్నముద్దల రోజుల్లో నూనె ఊసెందుకు? ఆ నాలుగు రోజులూ, అలిగిన రోజూ మీ పేజీ ఊరికే ఉండాలి. ఆ ఊరికే ఉండడంలోనే సగం మర్యాద ఉంది.

ఇక ఆ నాలుగు రోజుల్లో ఏం చెప్పాలి? నూనె తీసేవాడికి తెలిసింది, వంటల చానెల్‌కు తెలియనిది చెప్పాలి. ఉదాహరణకు సద్దుల నాటి నువ్వుల పొడి. చాలా ఇళ్లల్లో మిక్సీలో పొడి కాకుండా ముద్దవుతుంది. ఎందుకో మీకన్నా బాగా చెప్పేవారెవరు? నువ్వుల బరువులో సుమారు సగం నూనే. వేడివేడిగా జార్‌లో వేసి ఆపకుండా తిప్పితే బ్లేడు వేడికి ఆ నూనె బయటికొస్తుంది, మీ గానుగ చేసే పనే మిక్సీ చేస్తుంది. అందుకని చిన్న మంట మీద చిటపటలాడే దాకా వేయించి, వెడల్పు పళ్లెంలో పూర్తిగా చల్లారనిచ్చి, కప్పు నువ్వులకు అర కప్పు చక్కెర కలిపి, జార్‌లో సగానికి మించకుండా వేసి, రెండేసి సెకన్లు ఆపి ఆపి తిప్పాలి. చక్కెర గింజల మధ్య చేరి పొడిని విడివిడిగా ఉంచుతుంది. బెల్లం వేసేవాళ్లు నువ్వులు పొడయ్యాక చివర్లో తురుము కలుపుకోవాలి, ముందే వేస్తే ముద్ద ఇంకా త్వరగా అవుతుంది.

నలభై సెకన్ల వీడియోకు ఇది చాలు. ఇందులో మీరు అమ్మే నూనె చుక్క కూడా లేదు. అయినా చెప్పింది గానుగవాళ్లేనని చూసినవాళ్లకు తెలుస్తుంది.

రీల్స్_రాజు:
అక్కా, ఇవన్నీ వినడానికి బాగున్నయ్. కానీ పండుగ తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లే కనబడితే ఎవరు గుర్తుపెట్టుకుంటరు? అందరూ ఏ పాటకు రీల్ చేస్తున్నరో ఆ పాటకే మూతల బతుకమ్మ రీల్ పెట్టాలె. ట్రెండ్ మూడు రోజులుంటది, ఆలోచించేలోపు పోతది. నూనె కొనేటోళ్లు నువ్వుల పొడి కోసం రారు.

తంగేడు_గునుగు:
తమ్మీ, ట్రెండ్ మూడు రోజులే ఉంటుందన్న మాట నిజం. కానీ ఆ పాట ఈయన వాడడానికి లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఖాతాకు కనబడే సినిమా పాటలు, ఆల్బమ్ పాటలు చాలావరకు వ్యాపార ఖాతాకు రావు. వాటి లైసెన్స్ సొంత వాడకానికే, సరుకు అమ్మడానికి కాదు. "పర్సనల్ అకౌంట్ నుంచి చేసి బ్రాండును ట్యాగ్ చేద్దాం" అన్నా ప్రకటన ప్రకటనే. 2024లో సోనీ మ్యూజిక్ అమెరికాలో మారియట్ హోటళ్ల మీద వేసిన దావా ఇలాంటి సోషల్ మీడియా పోస్టుల్లోని పాటల గురించే.

ఉయ్యాలో పాటలు జానపదమే కదా, ఎవరివీ కావు కదా అంటారు. వరుస ఎవరిదీ కాకపోవచ్చు. కానీ యూట్యూబ్‌లో ఉన్న రికార్డింగ్ ఆ చానెల్‌ది. కొత్తగా కట్టిన పాటైతే మాటలు ఆ రాసినవారివి. అందుకే తేలిక దారి: మీ మిల్లులో పనిచేసే ఆడవాళ్లకు ఇష్టమైతే, ఇంట్లో తరతరాలుగా పాడుకునే పాట ఒకటి పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపి, గోడలకు దూరంగా నిలబెడితే చప్పట్లు గింగురుమనవు. ప్రకటనకు వాడుతున్నామని చెప్పి కాగితం మీద సంతకం తీసుకోండి, డబ్బులివ్వండి. చెరువు గట్టు మీద ఆడుతున్నవాళ్లను దూరం నుంచి తీసి రీల్‌లో పెట్టడం మాత్రం వద్దు. అక్కడికి వాళ్లు పండుగకు వచ్చారు, మీ ప్రకటనకు కాదు.

బెజవాడ_ఫ్యాన్సీ:
మాది విజయవాడలో గాజులు, ఫ్యాన్సీ షాపండి. ఇక్కడ దసరా నవరాత్రులే పెద్ద. హైదరాబాద్ కస్టమర్లు కొందరున్నారు కాబట్టి మేమూ బతుకమ్మ, అమ్మవారి అలంకారాలు కలిపి ఒకే పోస్టు వేసేయొచ్చా? డిజైనర్ ఒకే బొమ్మకు రేటు చెప్పాడు.

తంగేడు_గునుగు:
ప్రశ్న వేరే అయినా చెబుతాను. కలపకండి. బతుకమ్మ అమావాస్య నాడు మొదలవుతుంది, నవరాత్రులు పాడ్యమి నుంచి. మొదలయ్యే రోజే కలవదు. డిజైనర్ మిగిల్చిన డబ్బులు కామెంట్లలో పోతాయి. హైదరాబాద్ వాళ్లకు వాట్సాప్ లిస్టు వేరుగా చేసి, గాజుల సైజులు, ఫలానా తేదీలోపు ఆర్డరిస్తే అందుతాయన్న మాట పంపండి, చాలు.

పేర్పు:
నాకు మూతల బతుకమ్మ గురించే పేచీ. అందులో తప్పేముంది? కాగితాలతో, రంగురంగుల థర్మాకోల్‌తో స్కూలు పిల్లలు చేస్తలేరా? అది కూడా ఇష్టంతో చేసిందే కదా.

తంగేడు_గునుగు:
పిల్లలు చేసేది నేర్చుకోవడానికి, దాని మీద ధర ఉండదు. ఇక్కడ తంగేడు ఉండాల్సిన చోట మీ సరుకు ఉంది, పైన పసుపు గౌరమ్మ ఉండాల్సిన చోట లోగో వస్తుంది. డిజైనర్లు నూటికి తొంభై మంది అక్కడే పెడతారు, శిఖరం కాబట్టి. పైగా బతుకమ్మ చివరికి నీళ్లలో కలిసేది. ప్లాస్టిక్ మూతలను ఏ నీళ్లలో వదులుతారు?

పేర్పు:
లోగో తీసేసి, కింద వరుసలు తంగేడు, గునుగుతోనే పేర్చి, మూతలు పక్కన ముగ్గులా పెడితే? దానికి కూడా అభ్యంతరమంటే మరీ ఎక్కువైతది. వరంగల్‌లో అట్ల చేసిన షాపుల్ని ఎవరూ ఏమనలేదు.

తంగేడు_గునుగు:
ముగ్గంటే నాకు సగం ఒప్పుకోలుగానే ఉంది. అయినా ఆ పూట నేనైతే సీసా కనబడనివ్వను. మీరు ఒప్పుకోరని తెలుసు.

గానుగ_ఓరుగల్లు:
అందరికీ దండాలు. ఏడో రోజు వేపకాయల మీద ఏం చెప్పాలె? అక్కడైతే నూనె నేరుగా వస్తది కదా. ఆఫర్ సంగతి కూడా చెప్పండక్కా.

తంగేడు_గునుగు:
అక్కడ మీ సరుకులోని లోపం మీరే చెప్పండి. గానుగ నూనె రిఫైన్డ్ కాదు కాబట్టి వేపుడులో నురగ ఎక్కువ వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు కల్తీ అనుకుంటారు, కొందరు మంట పెంచి పొంగించుకుంటారు. మూకుడులో సగానికి మించి నూనె పోయొద్దని, వేపుడుకు నువ్వుల నూనె కాకుండా పల్లి నూనె తీసుకోమని చెప్పండి. వేపకాయలు పేలడం గురించి కూడా. పిండిని వేడి నీళ్లతో పగుళ్లు లేకుండా కలిపి, చిటికెన వేలికన్నా లావు కాకుండా చేసి, మధ్యస్థ మంట మీద వేయాలి. నూనె మరీ కాగితే పైపొర ముందే గట్టిపడి లోపలి ఆవిరికి దారి ఉండదు, పేలుతుంది. "మా నువ్వుల నూనెలో వేయించకండి" అని చెప్పిన బ్రాండును అవకాశవాది అని ఎవరంటారు?

సద్దుల నాడు ఆఫర్ ఎవరికి పనికొస్తుంది? అప్పటికి వంటలు అయిపోతాయి. కొరియర్‌కు మూడు నాలుగు రోజులు వేసుకుని, ఎంగిలి పూలకు వారం ముందే ఆఫర్ మొదలుపెట్టి, పండుగ మొదలయ్యేలోపే ముగించండి. అందులో బతుకమ్మ బొమ్మ వద్దు. ధర, సీసా, ఫలానా తేదీలోపు ఆర్డరిస్తే పండుగకు అందుతుందన్న వాక్యం, అంతే. పండుగ పోస్టుల్లో ధర వద్దు. ఈ రెండూ ఒకే బొమ్మలో కలిసినప్పుడే "అమ్ముకుంటున్నరు" అన్న మాట పుడుతుంది.

రీల్స్_రాజు:
సరే, ఆఫర్ ముందే అన్నది ఒప్పుకుంట. కానీ నాలుగు పోస్టులతో రీచ్ రాదు, రాసి పెట్టుకోండి.

తంగేడు_గునుగు:
లైకులు తక్కువే రావచ్చు. సేవ్‌లు, షేర్‌లు చూడమనండి. వెన్నముద్దల రోజే అయినా, సద్దుల కోసం కాబట్టి నువ్వుల పొడి వీడియోను ముందు రోజు సాయంత్రమే పెడితే, కోడలికి అత్త, అక్కకు చెల్లె పంపుకుంటారు. కామెంట్లలో "బెల్లం ఎంత?" అని అడిగితే సరిగ్గా తగిలినట్టు. "ఏ ఊరు మీది?" అని అడిగితే ఎక్కడో తప్పు రాసినట్టు, వెంటనే మళ్లీ చదువుకోవాలి.

గానుగ_ఓరుగల్లు:
ఇంకొక్కటి. సద్దుల తేదీ మీదనే ఏటా పంచాయితీ. కొందరు ఒకరోజు ముందు, కొందరు తర్వాత అంటరు. వేములవాడ దిక్కు ఏడు రోజులకే సద్దులు. పోస్టు ఏ రోజు షెడ్యూల్ చేయాలె?

తంగేడు_గునుగు:
పోస్టులో "ఈరోజు సద్దుల బతుకమ్మ" అని రాయకండి, "సద్దులకు నువ్వుల పొడి" అని రాయండి. వేములవాడ దిక్కు కస్టమర్లకు మాత్రం వాట్సాప్‌లో అదే వీడియో ఆరో రోజు పంపండి. పేజీ మీద ఆ రోజు ఏమీ వద్దు, అలిగిన రోజు కదా.

సూటిమాట:
మొత్తానికి నేను వద్దన్నవాటిలో ఐదు రోజులు మీరూ వద్దనే అన్నారు.