గురువారం నాడు గుబురా, గుబులా? శుభ వారాల గొడవ

ముక్కామల: తెల్లారేసరికి ప్రతి వాట్సాప్ గుంపులోనూ పువ్వుల బొమ్మ మీద "శుభ సోమవారం", "శుభ గురువారం" అని వచ్చి పడుతున్నాయి. నిన్నటి బొమ్మ చూడగానే అరటిచెట్టు పాట నోట్లో ఆడింది. "గురువారం నాడు గుబు...లో దాగింది" దగ్గర ఆగిపోయాను. గుబురులోనా, గుబులులోనా? ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ పాటలో ఏడు వారాలూ హాయిగా సాగిపోతాయి. ఈ శుభ వారాలు మాత్రం పంటికింద రాయిలా తగులుతున్నాయి ఎందుకు? కొందరికేమో అవే ముద్దు.

అమలాపురం మాస్టారు: గుబురేనండి. గుబులంటే దిగులు, గెల దిగుల్లో దాక్కోదు. అయితే యతి చూసి తేల్చేద్దామంటే కుదరదు, గురు–గుబు రెండు పాఠాల్లోనూ చెల్లుతుంది. వారం పేరుకీ ఆ వారం పనికీ మొదటక్షరం కలిపి కట్టారు చూడండి. ఆది–అరటి, సోమ–సుడి, మంగళ–మారాకు. బుధవారం పొట్టిగెల అంటే బ, ప ఒకే వర్గం. శుక్రవారం చకచక అంటే శకారానికి చకారం చెల్లుతుంది. మీకు హాయి అక్కణ్ణించే వస్తోంది. పైగా "నాడు" అన్నాక ఏదో ఒకటి జరిగి తీరాలి, మొలవాలో, తొడగాలో, దాగాలో. "శుభ గురువారం" అన్నాక ఏమీ జరగదు, అవతలివాడు చెయ్యగలిగిందల్లా అదే మాట తిరిగి పంపడం.

రామచంద్రపురం: అసలు అది వ్యాకరణం ప్రకారమే తప్పు మాస్టారూ. "సోమవారపు శుభాకాంక్షలు" అనాలి. ము లోపించి పు రావాలి కదా.

అమలాపురం మాస్టారు: మీరు చెప్పే పుంపులు కర్మధారయానికి, సరసపు మాటలాంటి వాటికి. సోమవారానికి సంబంధించిన శుభాకాంక్షలు కర్మధారయం కాదు. తత్సమాలు రెండూ కాబట్టి "సోమవార శుభాకాంక్షలు" చాలు. జనం ఆదివారపు సంత అంటారు, అందులో తప్పు పట్టను. ఇక "శుభ సోమవారం" అన్నది శుభదినం లాంటిదే, వ్యాకరణం దాన్ని ఆపదు. ఎబ్బెట్టుతనం ఇంకెక్కడో ఉంది.

రావులపాలెం రైతు: గెల ఏ వారం కొయ్యాలని అడుగుతున్నారాండి? వారంతో పని లేదు. పువ్వు వేసిన మూడు నాలుగు నెలలకి కాయ అంచులు నునుపెక్కి గుండ్రపడతాయి, అప్పుడు కొయ్యడమే. గెల మీద ఎండ కొట్టకుండా ఎండుటాకులు కప్పుతాం, కాబట్టి దాగిందన్న మాట నిజమే. గుబురు.

పాలకొల్లు: ఆయ్, గెల సంగతి బాగుంది గానీ, నా లెక్క వేరు. మన వైపు గురువారం అనేవాళ్ళెవరండి? లక్ష్మివారం. మంగళవారాన్ని జయవారం అంటారు, శనివారాన్ని స్థిరవారం అంటారు, పెళ్లి శుభలేఖల్లో ఇప్పటికీ చూస్తాం. లక్ష్మి, జయం, స్థిరం, శుభాకాంక్ష పేరులోనే ఉంది. అలాంటి పేరు ముందు మళ్ళీ "శుభ" తగిలిస్తే ఎలా? "శుభ లక్ష్మివారం" అని ఎవరూ పంపరు, చూసుకోండి. "శుభ గురువారం" అనే పంపుతారు. అంటే శుభ వచ్చింది, లక్ష్మి వెళ్ళిపోయింది.

అమలాపురం మాస్టారు: లెక్క బాగుంది. దానికో అనుబంధం. లక్ష్మివారం అంటే గుబురుతో యతి చెడుతుంది. కాబట్టి ఆ పాట కట్టినవారు గురువారం అనే చోటివారై ఉండాలి, లేదా బడి కోసం కట్టి ఉండాలి.

రామచంద్రపురం: అది మరీ లాగుడు. పాట కట్టేవాడు నోటికి ఏది కుదిరితే అది వాడతాడు.

పాలకొల్లు: మంగళవారం దగ్గర ఇంకా తమాషా. పేరులో మంగళం ఉంది, పంచాంగం ప్రకారం అది క్రూరవారం. ఆది, మంగళ, శని ఒక జట్టు. సోమ, బుధ, గురు, శుక్ర ఇంకో జట్టు. మంగళవారం కొత్త పని మొదలెట్టని ఇంటికి "శుభ మంగళవారం" అని పంపితే, అర్థం రెండుసార్లు చెప్పినట్టూ ఉంటుంది, ఆ ఇంటి పద్ధతిని కాదన్నట్టూ ఉంటుంది. పెద్దవాళ్ళకి తగిలేది అక్కడే అనుకుంటాను.

నరసాపురం: శుక్రవారం సంగతి ఎవరూ ఎత్తలేదేం? చర్చిలో "శుభ శుక్రవారం" అంటే గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరిగే రోజు, సంతాపం రోజు. ఆ రోజు శుభాకాంక్షలు చెప్పుకోవడమే పొరపాటు. అలాంటిది ప్రతి వారం గులాబీపువ్వుతో "శుభ శుక్రవారం" వస్తే, మా పెద్దమ్మల్లాంటివాళ్ళు ఒక్క క్షణం ఉలిక్కిపడతారు. అదే గుంపులో ముస్లింలు "జుమ్మా ముబారక్" అని పెడతారు. అది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే వాళ్ళకి ఆ రోజు మధ్యాహ్నం నమాజు ఉంది.

రాజోలు: నేను అవతలి పక్షం. మా ఇంట్లో మనిషి కువైట్‌లో ఉంది. అక్కడ సెలవు శుక్రవారం. శుక్రవారం పొద్దున్నే "హ్యాపీ ఫ్రైడే" అని వచ్చిందంటే ఇవాళ లేచింది, ఖాళీగా ఉంది, ఫోను చెయ్యొచ్చు అని అర్థం. దుబాయ్‌లో ఉన్న బంధువులకి ఆ మాట కుదరదు. 2022 నుంచి అక్కడ శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. కాబట్టి వాళ్ళకి శనివారం పెడతాం. మీరు వ్యాకరణం చూస్తున్నారు, మాకు అది కబురు.

అమలాపురం మాస్టారు: మీ మాటే మా మాట, కాదనలేదు. మీరిద్దరూ ఒక సెలవుని పంచుకుంటున్నారు. "హ్యాపీ మండే" పుట్టింది సోమవారం అంటే భారం, శుక్రవారం అంటే విడుదల అనుకునే ఆఫీసుల్లో. భీమవరం రొయ్యల చెరువుకి ఆదివారం లేదు, ఏరియేటర్ సోమవారం కొత్తగా తిరగదు. ఆ చెరువుగట్టు మీద ఉన్నవాడికి "హ్యాపీ మండే" పంపితే ఓదార్పు దేనికో అతనికి తెలియదు. అదే మనిషికి "కార్తీక సోమవారం కదండీ, గుడికి వెళ్ళొచ్చారా?" అని పెట్టండి, జవాబు వస్తుంది. భీమవరంలో ఉన్నది సోమేశ్వరుడు మరి. వాడపల్లి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళని "ఇది ఎన్నో వారం?" అనడం కూడా అంతే. వారం పేరుకి ఒక ప్రశ్న తగిలించాలి, అవతలివాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

రామచంద్రపురం: సోమవారం, శివుడు అన్నారు కాబట్టి చెప్తున్నా. శ్రీనాథుడు భీమేశ్వరపురాణం బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చాడు, ద్రాక్షారామం చుట్టూ తిప్పి తిప్పి వర్ణించాడు. మా ఊరి పక్కన ఇంత కవిత్వం ఉండగా పువ్వుల బొమ్మలెందుకండి?

పాలకొల్లు: అన్నయమంత్రి తెలుసు లెండి. క్షీరారామం కూడా పంచారామమే, మరిచిపోయినట్టున్నారు.

నరసాపురం: ఒక తేడా గమనించారా? "శుభ సోమవారం", "శుభ శుక్రవారం", "శుభ శనివారం" నోటికి తేలిగ్గా వస్తాయి. "శుభ బుధవారం" అనేసరికి భ, బు, ధ ఒకదాని మీదొకటి పడతాయి. మాస్టారి యతి లెక్క ఇక్కడా పని చేస్తోంది.

అమలాపురం మాస్టారు: అవును, శ–స మైత్రి. బుధవారానికి సౌమ్యవారం వాడితే సరిపోతుంది.

ముక్కామల: అయితే గుబురని ఖాయం చేసుకోమంటారా?

రాజోలు: మా అమ్మమ్మ గుబులనే పాడేది. దాక్కునేవాళ్ళకి గుబులుండదా ఏంటి?

రావులపాలెం రైతు: గెలకాండి?