"ఆంటీ ఆర్ఐపీ, స్ట్రాంగ్‌గా ఉండు" – దీన్ని ఎలా తిరగరాయాలి?

పద్మజ: మా సెక్షన్‌లో జీతాల బిల్లులు చూసే సీనియర్ వాళ్ల అమ్మగారు నిన్న చనిపోయారు. ఆఫీసు గ్రూపులో పెట్టడానికి ఒక కుర్రాడు రాసి చూపించిన సందేశం ఇది: "సో సాడ్ అన్నా.. ఆంటీ ఆర్ఐపీ. స్ట్రాంగ్‌గా ఉండు. ఏమన్నా కావాలంటే చెప్పు." గ్రూపులో పైఅధికారులు కూడా ఉన్నారు. కుర్రాడి బాధ నిజమైనదే. అది పోకుండా మాట మర్యాదగా మారాలి.

వెంకటేశ్వర్లు: ఇందులో ఆలోచించేదేముంది? "మీ మాతృమూర్తి దివంగతులైనారని తెలిసి తీవ్ర దిగ్భ్రాంతికి లోనయ్యాను. మీకు నా ప్రగాఢ సంతాపం." ఇలా రాస్తే హుందాగా ఉంటుంది.

సుబ్బలక్ష్మి: వెంకటేశ్వర్లు గారూ, సెక్షన్ తరఫునో ఉద్యోగుల సంఘం తరఫునో లెటర్‌హెడ్ మీద వెళ్లే లేఖకైతే ఆ ధోరణి సరిపోతుంది. రోజూ "అన్నా" అని పిలిచే కుర్రాడు ఒక్కసారిగా "మాతృమూర్తి" అంటే ఎవరో రాసిచ్చినట్టుంటుంది. అమ్మగారు కొంతకాలంగా మంచాన ఉన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలిసినప్పుడు "దిగ్భ్రాంతి" కూడా పొసగదు. ఇంకొకటి, "మీకు సంతాపం" కుదరదు. మృతికి సంతాపం, కుటుంబానికి సానుభూతి. పత్రికల్లో వచ్చే వార్త చూడండి, "మృతికి సంతాపం తెలిపి, కుటుంబ సభ్యులకు సానుభూతి ప్రకటించారు" అని రాస్తుంటారు.

ఇక అసలు సందేశం. "అన్నా" ఉంచేయండి, వాళ్లిద్దరి చనువు అందులోనే ఉంది. క్రియలు మాత్రం "మీరు"కు మార్చాలి. "ఆంటీ" బదులు "అమ్మగారు". "స్ట్రాంగ్‌గా ఉండు" పూర్తిగా తీసేయాలి. దుఃఖంలో ఉన్న మనిషికి ఎలా ఉండాలో చెప్పినట్టవుతుంది, పైగా చిన్నవాడు పెద్దవాడికి. "ఏమన్నా కావాలంటే చెప్పు" అంటే ఏం కావాలో ఆలోచించి అడిగే భారం ఆయన మీదే పడుతుంది. తను చేయబోయే పని ఒకటి పేరు పెట్టి చెప్పాలి.

"అన్నా, అమ్మగారు కాలం చేశారని పొద్దున తెలిసింది. చాలా బాధగా ఉంది. మీరు తిరిగి వచ్చేదాకా జీతాల బిల్లు సంగతి మేం చూసుకుంటాం. ఆఫీసు ఫోన్లు మీ దాకా రానివ్వం. దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదు."

చివరి వాక్యం చిన్నదే గానీ, యాభై సందేశాలకు చేతులు జోడించే బొమ్మ పెట్టాల్సిన అవస్థ తప్పిస్తుంది. బిల్లు మాట మాత్రం సెక్షన్‌లో ముందే అనుకుని రాయాలి. రాసి చేయకపోతే రాయకపోవడమే నయం.

పద్మజ: "కాలం చేశారు" అందరికీ వాడొచ్చా?

సుబ్బలక్ష్మి: నిండు వయసు వాళ్లకు బాగుంటుంది. చిన్న వయసులోనో ప్రమాదంలోనో పోతే బాగుండదు. "ఇక లేరని తెలిసి మాటలు రావడం లేదు" అనొచ్చు. "ఏమైంది, ఎలా జరిగింది" అని మాత్రం గ్రూపులో అడగకూడదు.

ఖాజా: "ఆత్మకు శాంతి చేకూరాలి" సంగతి కూడా చూడండి. అలవాటు కొద్దీ అందరికీ పెట్టేస్తారు. మా ఇళ్లలో మగ్ఫిరత్ కోసం, అంటే అల్లాహ్ క్షమాపణ కోసం దుఆ చేస్తాం. క్రైస్తవుల్లో చాలామంది "దేవుడు మీ కుటుంబాన్ని ఆదరించుగాక" అంటారు. తెలియనప్పుడు మతం మాట లేకుండా పైన రాసినట్టే రాస్తే చాలు.

వెంకటేశ్వర్లు: మంచి మనసుతో అన్న మాటను ఎవరూ తప్పుపట్టరండీ. అది లేకపోతే మా వైపు పెద్దవాళ్లకు వెలితిగా ఉంటుంది.

ఖాజా: తప్పుపట్టరు, నిజమే. కానీ తమ వాళ్ల గురించి కాకుండా ఎవరికో రాసింది తమకూ పంపినట్టు అనిపిస్తుంది.

నరేశ్: నాకూ ఇలాంటి సమస్యే ఉంది. మా సార్‌కు ప్రమోషన్ మీద వేరే జిల్లాకు బదిలీ. "కంగ్రాట్స్ సార్! ఎప్పుడో రావాల్సింది, లేటయింది. పార్టీ ఎప్పుడు?" అని రాశాను. బాగుందా?

పద్మజ: నరేశ్ గారూ, ఇక్కడ నడుస్తున్నది సంతాపం గురించి.

సుబ్బలక్ష్మి: పర్వాలేదు, ఆ సందేశంలోనూ దిద్దాల్సింది ఉంది. "ఎప్పుడో రావాల్సింది" అన్నది పొగడ్తే. కానీ అదే జాబితాలో పేరు రానివాళ్లు అదే గ్రూపులో చదువుతారు. పార్టీ మాట ఎదురుగా కలిసినప్పుడు అడగండి. సాధించినదానికి అభినందనలు, ముందున్నదానికి శుభాకాంక్షలు. మధ్యలో ఆయన చేసిన పని ఒకటి చెప్పండి: "పదోన్నతికి అభినందనలు సార్. పాత పెన్షన్ ఫైళ్లు సంవత్సరాల వారీగా మీరు సర్ది పెట్టించబట్టే ఇవాళ అడిగిన కాగితం వెంటనే దొరుకుతోంది. కొత్త జిల్లాలో బాధ్యతలకు శుభాకాంక్షలు."

నరేశ్: ఫైళ్లు సర్దింది నేనే మేడమ్!

సుబ్బలక్ష్మి: అయితే ఆయన నిజంగా చేసిందే వెతికి రాయండి.

పద్మజ: కుర్రాడు మీ సందేశాన్ని గ్రూపులో కాకుండా ఆయనకు విడిగా పంపుతానంటున్నాడు. గ్రూపులో ఏమీ పెట్టకపోతే పట్టించుకోలేదనుకుంటారేమో?

ఖాజా: విడిగా పంపడమే మేలు.

వెంకటేశ్వర్లు: గ్రూపులో కూడా ఒక వాక్యం ఉండాలి. లేకపోతే మిగతావాళ్ల కంట్లో పడుతుంది.