పనిని పనిగా చూపించే డాక్టర్, ఇంజినీర్ సినిమాలు ఏవి? తొమ్మిదో తరగతి అబ్బాయి కోసం

మాధవి_కె
మా అబ్బాయి ఒక హాస్పిటల్ సిరీస్ రాత్రింబవళ్లు చూసి డాక్టర్ అవుతానంటున్నాడు. దానికి ముందు ఒక రాకెట్ సినిమా చూసి ఇంజినీర్ అన్నాడు. వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకిష్టం లేదు. కానీ వాడికి నచ్చింది ఆ పనా, ఆ హీరోనా అన్నది నాకు అంతుపట్టడం లేదు. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి రోజూ ఏం ఆలోచిస్తాడో, దేనితో కుస్తీ పడతాడో తెలిసేలా తీసినవి ఏవైనా చెప్పండి. ఇంగ్లిష్‌వైనా ఫరవాలేదు.

శేఖర్_డిజైన్
ఇంజినీరింగ్‌కి నేను చెప్పేది ఒక్కటే సినిమా, 1995లో వచ్చిన 'అపోలో 13'. అయితే ఒకసారి చూసి వదిలేయకండి.

అందులో అందరికీ గుర్తుండేది ఫిల్టర్ సీన్. చంద్రుడి వైపు వెళ్తున్న పెద్ద వాహనంలో ఆక్సిజన్ ట్యాంక్ పేలాక ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి మీద దిగే చిన్న వాహనంలోకి మారతారు. అది ఇద్దరి కోసం తయారుచేసింది. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే డబ్బాలు అందులో ముగ్గురికి సరిపోవు. పెద్ద వాహనంలో డబ్బాలు మిగిలి ఉన్నాయి, కానీ అవి చతురస్రం. ఇక్కడ పట్టేవి గుండ్రటివి. కింద భూమ్మీద ఇంజినీర్లు, పైన వాళ్ల దగ్గర ఏమేం ఉన్నాయో అవే వస్తువులు బల్ల మీద కుమ్మరించుకుని జోడించే దారి వెతుకుతారు.

ఇది కల్పన కాదు. ఎడ్ స్మైలీ అనే ఇంజినీర్ బృందం 1970 ఏప్రిల్‌లో నిజంగానే చేసింది. డబ్బాకి ప్లాస్టిక్ సంచి తొడిగి, స్పేస్ సూట్ గొట్టాన్ని అందులోకి దూర్చి, టేపుతో బిగించారు. గొట్టం గాలి లాగుతుంటే సంచి లోపలికి పీల్చుకుపోయి దారి మూసుకుపోతుంది. అందుకని మాన్యువల్ అట్టను విల్లులా వంచి సంచి లోపల పెట్టారు. డబ్బా అడుగున ఉన్న రంధ్రంలో మేజోడు కుక్కారు. ఇదంతా పైవాళ్లకి బొమ్మ పంపే వీలు లేదు, మాటల్లో చెప్పాలి. అందుకే ముందు కింద చేసి, పరీక్షించి, అడుగు తర్వాత అడుగు చదివి వినిపించారు.

మా మేనల్లుడితో చూసినప్పుడు బల్ల సీన్ దగ్గర పాజ్ చేసి, ఒక చతురస్రం డబ్బా, గుండ్రటి గొట్టం, సంచి, టేపు ఇచ్చాను. సంచి ముడుచుకుపోయే సమస్య వాడి చేతుల్లోనే కనబడింది. అట్ట ఎందుకో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మీ అబ్బాయికి ఆ పది నిమిషాలు నచ్చితే, నచ్చింది పనే.

లక్ష్మణ్ 77
మంచి సినిమా. ఓటమి అనే మాటే లేదని ఆ ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ మిషన్ మధ్యలో అందరితో అనడం ఒక్కటి చాలు పిల్లల్లో కసి పెంచడానికి. నిజంగా జరిగింది కాబట్టి దానికి బలం ఎక్కువ.

శేఖర్_డిజైన్
లక్ష్మణ్ గారూ, ఆ మిషన్ మొత్తం నిజమే గానీ ఆ డైలాగ్ సినిమా రచయితలది. మిషన్ నడుస్తుండగా క్రాంజ్ ఆ మాట అనలేదు, తర్వాత తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. వాహనంలో వ్యోమగాములు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం కూడా సినిమా కోసం కల్పించినదే. నిజంగా వాళ్లు ప్రశాంతంగా పనిచేసుకుపోయారు. పిల్లలకి ఈ తేడా చెప్పడం నాకు ముఖ్యం అనిపిస్తుంది. అరుపులు లేకుండా ఎలా పనిచేశారన్నదే అసలు నేర్చుకోవాల్సింది.

ఇంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. పేలుడు ఎందుకు జరిగిందో సినిమా చివర్లో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి ముగించేస్తుంది. నాలాంటివాళ్లు రోజూ చేసే పని సరిగ్గా అక్కడే ఉంది, ఆ కథ చెబుతాను.

ఆక్సిజన్ ట్యాంక్‌లో ఒక హీటర్, అది మరీ వేడెక్కకుండా ఆపే థర్మోస్టాట్ స్విచ్‌లు ఉంటాయి. మొదటి డిజైన్ 28 వోల్టులకి. 1965లో, లాంచ్ ప్యాడ్ మీద 65 వోల్టులతో నడపాలి కాబట్టి డిజైన్ మార్చమన్నారు. మిగతావి మారాయి, థర్మోస్టాట్ స్విచ్‌లు మాత్రం 28 దగ్గరే ఉండిపోయాయి. తర్వాతి తనిఖీల్లో ఎవరూ పట్టుకోలేదు. పైగా ఆ ట్యాంక్ ఫ్యాక్టరీలో ఉండగా ఒకసారి 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడింది. పైకి దెబ్బేమీ కనబడలేదు. కానీ ప్రయోగానికి ముందు పరీక్షలో ట్యాంక్ మామూలు పద్ధతిలో ఖాళీ కాలేదు. లోపలి గొట్టం కదిలి ఉంటుందనుకుని, హీటర్ వేసి ఆక్సిజన్‌ను ఆవిరి చేసేద్దాం అన్నారు. 8 గంటల పాటు వేశారు.

ఆ స్విచ్ 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుని హీటర్‌ని ఆపాలి. తెరుచుకోబోతుంటే 65 వోల్టులకి నిప్పురవ్వ లేచి, అది వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయింది. లోపల వేడి 500 డిగ్రీలు దాటి వైర్ల మీది టెఫ్లాన్ దెబ్బతింది. బయట మీటర్ చూస్తున్న మనిషికి ఇది తెలియదు, ఎందుకంటే ఆ మీటర్ 27 డిగ్రీలకి మించి చూపించదు. ముల్లు చివర ఆగి ఉంటే అంతా సవ్యంగా ఉందనుకున్నారు. అంతరిక్షంలో ఫ్యాన్ వేయగానే ఆ వైర్ల దగ్గర షార్ట్ అయింది.

డిజైన్‌లో ఒక అంకె మారితే అది ఎన్ని చోట్ల మారాలో చివరి చిన్న భాగం దాకా వెతకడం, మీటర్ పరిధి దాటితే ఏమవుతుందో ముందే అడగడం. నా ఉద్యోగంలో సగం ఇదే, నాకు ఇష్టమైన సగం కూడా ఇదే. సినిమా అయ్యాక ఈ కథ చెప్పి మీ అబ్బాయి ఏం ప్రశ్నలు అడుగుతాడో చూడండి.

రాత్రిడ్యూటీ
ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్‌ని. హాస్పిటల్ సిరీస్‌ల గురించి నాకు కచ్చితంగా ఒక పరీక్ష ఉంది. మానిటర్‌లో గీత బల్లపరుపుగా అయిపోయిన రోగికి షాక్ ఇస్తే, ఆ సీన్ రాసినవాళ్లు వైద్యుల్ని అడగలేదని అర్థం. షాక్ పనిచేసేది గుండె అదుపు తప్పి కొట్టుకుంటున్నప్పుడు, ఆ గందరగోళాన్ని ఒక్కసారి ఆపడానికి. గీత పూర్తిగా పడుకుంటే ఆపడానికి ఏమీ లేదు. అప్పుడు చేయాల్సింది ఛాతీ నొక్కడం, మందు ఇవ్వడం, కారణం వెతకడం.

1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన వచ్చింది. మూడు టీవీ షోలు చూసి లెక్క కడితే, గుండె ఆగినవాళ్లలో 75 శాతం మంది అప్పటికి బతికి బయటపడ్డారట. మేం చూసేది దానికి చాలా దూరం. మేం నొక్కుతాం, ఎక్కువసార్లు ఫలితం ఉండదు, బయటికి వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడాలి. ఆ మాట్లాడటం కూడా నా పనే. ఇది చూపించే సిరీస్ కావాలంటే 2025లో మొదలైన 'ది పిట్' ఉంది. మొదటి సీజన్ 15 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ ఒకే షిఫ్ట్‌లో ఒక గంట. ఒక రోగి దగ్గర ఉండగానే ఇంకొకరు పిలవడం, మంచాలు ఖాళీ లేక వెయిటింగ్ హాల్ నిండిపోవడం, ఇవన్నీ నాకు తెలిసిన రోజులే. రక్తం, గాయాలు దాచకుండా చూపిస్తారు. తొమ్మిదో తరగతికి ముందు మీరు చూసి నిర్ణయించండి.

అనూష.ఆర్
మరి 'హౌస్' సంగతి? జబ్బు కనిపెట్టడం అనే పజిల్‌ని అంత బాగా ఎవరూ చూపలేదు కదా. నేను బయాలజీ మీద ఇష్టం పెంచుకున్నదే దానితో.

రాత్రిడ్యూటీ
బోర్డు మీద అనుమానాలన్నీ రాసి, ఒక్కోదాన్ని పరీక్షతో కొట్టేయడం నిజంగానే మేం ఆలోచించే పద్ధతి. అక్కడివరకు మీతో ఏకీభవిస్తాను. కానీ అదే నలుగురు డాక్టర్లు స్కాన్ తీసి, ల్యాబ్‌లో శాంపిల్ చూసి, రోగి ఇంట్లోకి తాళం తీసుకుని దూరడం ఎక్కడా జరగదు. స్కాన్ తీసే టెక్నీషియన్, దాన్ని చదివే రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్, నర్సు, వీళ్లంతా ఆ సిరీస్‌లో మాయమైపోయారు. ఒక పిల్లాడికి నిజంగా నచ్చే ఉద్యోగం ఆ మాయమైనవాటిలో ఉండొచ్చు.

గౌతమ్_నాన్న
మా పాపకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, కానీ మెడికల్ సిరీస్‌లు వదలదు. చూసేది మాత్రం మిషన్లు. వెంటిలేటర్ ఎలా పనిచేస్తుంది అని అడుగుతుంది. మ్యాథ్స్ గ్రూప్ తీసుకోవాలా, బయాలజీనా? రెండూ కావాలంటే కుదురుతుందా?

శేఖర్_డిజైన్
గ్రూపుల సంగతి మీ చోట నిబంధనలు బట్టి ఉంటుంది, నేను చెప్పలేను. ఆ యంత్రాలు తయారుచేసేది బయోమెడికల్ ఇంజినీర్లు, వాళ్లకి మ్యాథ్స్, ఫిజిక్స్ బలంగా ఉండాలి.

సుధ_పాథాలజీ
గౌతమ్ నాన్న గారూ, మీ పాపకి, మాధవి గారి అబ్బాయికి ఇద్దరికీ ఒకే సినిమా చెబుతాను. 'సమ్‌థింగ్ ద లార్డ్ మేడ్', 2004. నాకు తెలిసిన వైద్య సినిమాల్లో పనిని ఇంత దగ్గరగా చూపింది ఇంకొకటి లేదు.

వివియన్ థామస్ వడ్రంగి పని చేసిన నల్లజాతి యువకుడు. డాక్టర్ అవ్వాలని దాచుకున్న డబ్బు బ్యాంకు మూతపడి పోయింది. సర్జన్ బ్లాలాక్ ల్యాబ్‌లో సహాయకుడిగా చేరాడు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో హెలెన్ టాసిగ్ అనే డాక్టర్ వాళ్ల ముందు ఒక సమస్య పెట్టింది. కొందరు పిల్లలు పుట్టుకతోనే గుండె లోపంతో నీలంగా మారిపోతున్నారు, ఊపిరితిత్తులకి రక్తం చాలడం లేదు. చేతికి వెళ్లే రక్తనాళాన్ని మళ్లించి ఊపిరితిత్తుల నాళానికి కుట్టాలన్నది ఆలోచన.

ఆలోచన నుంచి ఆపరేషన్ దాకా ఉన్న దూరమే ఆ సినిమా. ముందు థామస్ కుక్కల్లో అలాంటి పరిస్థితి కల్పించాలి, ఆ తర్వాత దాన్ని సరిచేయాలి. అంత సన్నని నాళాలకి సరిపోయే సూదులు లేవు, ఉన్నవాటిని తనే మార్చుకున్నాడు. వడ్రంగి చేతులు అక్కడ పనికొచ్చాయి. 1944 నవంబర్ 29న ఐలీన్ సాక్సన్ అనే పసిపాపకి ఆపరేషన్ చేస్తున్నప్పుడు థామస్ బ్లాలాక్ వెనక స్టూల్ మీద నిలబడి, కుట్టు సరైన దిక్కులో పడుతోందా లేదా చెబుతూ ఉన్నాడు. అప్పటికి ఆ కుట్టు బ్లాలాక్ కన్నా థామస్ చాలా ఎక్కువసార్లు వేసినవాడు.

ఆ పాప గులాబీ రంగులోకి వచ్చింది, కానీ కొన్ని నెలలకే మళ్లీ జబ్బు ముదిరి చనిపోయింది. పిల్లలకి ఇది కూడా చెప్పండి. తర్వాతి పిల్లలు నిలబడ్డారు. థామస్‌కి ఆ విశ్వవిద్యాలయం 1976లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. వైద్య డిగ్రీ మాత్రం ఆయనకి ఎప్పటికీ రాలేదు.

అనూష.ఆర్
కుక్కల మీద ప్రయోగాలు పద్నాలుగేళ్ల పిల్లలకి చూపించడం నాకు ఇబ్బందిగానే ఉంది. జంతువుల్ని ప్రేమించే పిల్లాడైతే వైద్యం మీదే విముఖత రావచ్చు.

సుధ_పాథాలజీ
రావచ్చు. అయినా ఈ వృత్తిలో అడుగుపెట్టాక ఆ ప్రశ్న ఎలాగూ ఎదురవుతుంది, అమ్మానాన్నల పక్కన కూర్చుని మొదటిసారి ఎదుర్కోవడం మేలని నా ఉద్దేశం.

అనూష.ఆర్
అది పిల్లాణ్ని బట్టి ఉంటుంది. మా ఇంట్లో అయితే ఇంకో రెండేళ్లు ఆగుతాను.

మాధవి_కె
శేఖర్ గారూ, ముందు అపోలోతో మొదలుపెడతాం. డబ్బా, గొట్టం, టేపు సిద్ధం చేస్తాను, అట్ట మాత్రం కనబడకుండా దాస్తాను. సుధ గారూ, మీరు చెప్పింది ముందు నేను ఒక్కదాన్నే చూసి, కుక్కల సంగతి ఆలోచించుకుని మళ్లీ రాస్తాను. ఎవరైనా సివిల్ ఇంజినీర్ల మీద ఇలాంటిది చూసి ఉంటే చెప్పండి, వాడికి వంతెనలంటే కూడా పిచ్చి.