కొత్త కారుకు మూడేళ్ల పాలసీ ఒకేసారి తీసుకోవాలా, ఏటా రెన్యువల్ చేసుకోవాలా?

తెనాలి కొత్త కారు
వచ్చే వారం కారు డెలివరీ. 1200 సీసీ పెట్రోలు, షోరూమ్ ధర 9.5 లక్షలు. డీలరు రెండు కొటేషన్లు ఇచ్చాడు. మొదటిది 1+3: కారు నష్టానికి ఏడాది కవరు 14,000, జీరో డిప్ వగైరా యాడ్ఆన్లు 6,000, థర్డ్ పార్టీ మూడేళ్లకు 10,640. రెండోది 3+3: కారు నష్టానికి మూడేళ్ల కవరు 36,000, యాడ్ఆన్లు 17,000, థర్డ్ పార్టీ అదే 10,640. జీఎస్టీ అదనం. మూడేళ్లు ధర పెరగదు కాబట్టి రెండోదే మేలంటున్నాడు. మీరైతే ఏది తీసుకుంటారు?

శేషు, వరంగల్
3+3 తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. థర్డ్ పార్టీ ధర ప్రభుత్వం ఎప్పుడు పెంచుతుందో తెలియదు. మూడేళ్లకు కట్టేస్తే ఆ పెంపు మీకు తగలదు. పైగా ఏటా గడువు గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. ఒక్కటే లోపం: క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ మూడేళ్ల పాలసీలో రాదు. నాలుగో ఏట మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అయినా ప్రశాంతత ముఖ్యం.

నల్గొండ పద్మ
దయచేసి రెన్యువల్ మాత్రం మరచిపోకండి. మా తమ్ముడి పాలసీ కాగితం మీద మూడేళ్ల తరవాతి తేదీ ఉంది. అది చూసి మూడేళ్ల వరకూ అన్నీ ఉన్నాయనుకున్నాడు. పద్నాలుగో నెలలో గాలివానకు వేపకొమ్మ విరిగి కారు పైకప్పు మీద పడింది. క్లెయిమ్‌కు వెళితే, కారు నష్టం కవరు ఏడాదికే ముగిసిందనీ మిగిలింది థర్డ్ పార్టీ ఒక్కటేననీ చెప్పారు. పైకప్పు, ముందు అద్దం, రంగు ఖర్చంతా సొంత జేబులోంచే. కాగితంలో రెండు తేదీలు వేర్వేరు గడుల్లో ఉన్నాయి, వాడు రెండోది మాత్రమే చూశాడు. అందుకే రెన్యువల్ చేయించమని చెబుతున్నాను.

తెనాలి కొత్త కారు
పద్మ గారూ, రెన్యువల్ తప్పకుండా చేస్తానండీ. నా సందేహం మూడేళ్లకూ ఇప్పుడే కట్టాలా అన్నది. కానీ ఆ రెండు తేదీల సంగతి నాకు నిజంగా తెలియదు. డీలరు కూడా చెప్పలేదు.

గోదావరి సర్వేయరు
ఇరవై ఏళ్లుగా వాహన నష్టాల సర్వే చేస్తున్నాను. పద్మ గారి తమ్ముడిలాంటి కేసులు ఎన్నో చూశాను. 3+3కు నిజమైన బలం ఏదైనా ఉంటే, ఆ మధ్యలో కవరు పోయే ప్రమాదం లేకపోవడమే.

శేషు గారి రెండు మాటలు సరిచేయాలి. థర్డ్ పార్టీ మూడేళ్లకు ఉండటం 3+3 ప్రత్యేకత కాదు. సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు అది తప్పనిసరి. అందుకే రెండు కొటేషన్లలోనూ అదే 10,640 ఉంది. ఆ రేటు 2022 జూన్ నాటి ప్రకటనలోది. ఏడాది రేటు 3,416, దానికి మూడు రెట్లు 10,248. అంటే ధర స్థిరంగా ఉంచినందుకు దాదాపు 400 అదనంగా ఇప్పటికే కడుతున్నారు, ఏ కొటేషన్ తీసుకున్నా సరే. కాబట్టి పోల్చవలసింది కారు నష్టం కవరును మాత్రమే.

ఇప్పుడు ఆ 36,000 ఎలా వచ్చిందో చూద్దాం. కారు విలువను బీమా లెక్కలో ఐడీవీ అంటాం. మొదటి ఏడు షోరూమ్ ధరలో 5 శాతం తగ్గించి 9,02,500. రెండో ఏడు 20 శాతం తగ్గించి 7,60,000, మూడో ఏడు 30 శాతం తగ్గించి 6,65,000 అనుకోండి. మొదటి ఏటి 14,000నే ఆ విలువల దామాషాలో తగ్గిస్తే రెండో ఏడు సుమారు 11,790, మూడో ఏడు 10,320 వస్తాయి. మూడూ కలిపితే 36,100. మీ డీలరు అంకె 36,000. అంటే ఆ ధరలో విలువ తరుగు ఉంది కానీ బోనస్ ఒక్క రూపాయి కూడా లేదు. మీరు ఏటా క్లెయిమ్ చేస్తారనుకుని వేసిన ధరతో సమానం.

ఏటా తీసుకుని, క్లెయిమ్ చేయకపోతే రెండో ఏట 20 శాతం, మూడో ఏట 25 శాతం బోనస్ వస్తుంది. అప్పుడు కట్టేది 9,430, 7,740. యాడ్ఆన్లకు ఏడాదికి 5,500 చొప్పున వేసుకుంటే ఆ రెండేళ్లకు మొత్తం 28,200 లోపే. 3+3లో అదే రెండేళ్లకు మీరు 33,000 ముందే ఇస్తున్నారు. తేడా 4,800, జీఎస్టీతో 5,700.

శేషు, వరంగల్
సర్వేయరు గారూ, థర్డ్ పార్టీ విషయంలో పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ మీ లెక్కలో ధర పెరగదని అనుకున్నారు. కొత్త కారుకు ఇచ్చిన డిస్కౌంటు రెండో ఏట కంపెనీ తగ్గిస్తే? మొదటి ఏటే చిన్న దెబ్బ తగిలి క్లెయిమ్ చేస్తే?

గోదావరి సర్వేయరు
మంచి ప్రశ్న. రేటు ఏటా 10 శాతం పెరిగిందనుకుందాం. క్లెయిమ్ లేకపోతే రెండేళ్లకు 19,740, యాడ్ఆన్లతో 30,700. ఇంకా 33,000 కంటే తక్కువే. రేటు పెరగకుండా మొదటి ఏట క్లెయిమ్ ఉంటే రెండో ఏట బోనస్ సున్నా, మూడో ఏట 20 శాతం. యాడ్ఆన్లతో 31,000 చిల్లర. అదీ తక్కువే. రెండూ ఒకేసారి జరిగితే దాదాపు 34,000, అప్పుడు మాత్రమే 3+3 గెలుస్తుంది, అదీ వెయ్యి రూపాయలతో. ఆ డబ్బు ఏడాది, రెండేళ్లు ముందే మీ చేతి నుంచి పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంతకీ తెనాలి గారూ, మీకు పాత కారు ఉందా?

తెనాలి కొత్త కారు
ఉందండీ. తొమ్మిదేళ్ల కారు, ఎప్పుడూ క్లెయిమ్ చేయలేదు. పాలసీలో బోనస్ 50 శాతం అని ఉంది. వచ్చే నెల మా బావమరిది తీసుకుంటున్నాడు. పాలసీ కూడా ఆయన పేరుకు మారుస్తారు కదా, బోనస్ ఆయనకే వెళుతుందనుకున్నాను.

గోదావరి సర్వేయరు
వెళ్లదు. బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మిన కాగితాలు చూపించి పాత కంపెనీ నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకోండి, మూడేళ్లు చెల్లుతుంది. మీ బావమరిది గారు మాత్రం బోనస్ లేని ధర కట్టాలి. ఒక ఇబ్బంది: మీ డెలివరీ వచ్చే వారం, అమ్మకం వచ్చే నెల. అమ్మకం ముందు పూర్తయితేనే కొత్త కారు పాలసీలో ఆ 50 శాతం మొదటి రోజు నుంచి పడుతుంది. వీలైతే డెలివరీ పది రోజులు ఆపండి.

దీనితో లెక్క తిరగబడుతుంది. 50 శాతంతో ఏటా తీసుకుంటే, క్లెయిమ్ లేకపోతే, కారు నష్టం కవరుకు మూడేళ్లకు 7,000, 5,900, 5,160: మొత్తం 18,050 చుట్టూ. 3+3లో 50 శాతం మూడేళ్లకూ ఇస్తే 36,000 కాస్తా 18,000 అవుతుంది. రెండూ సమానం! మొదటి ఏటికి మాత్రమే ఇస్తే 29,000, అంటే 11,000 నష్టం. కాబట్టి డీలరును అడగవలసింది ఒకే ఒక్క ప్రశ్న: ఈ 50 శాతం ఎన్ని సంవత్సరాల ప్రీమియం మీద తగ్గిస్తారు? జవాబు నోటిమాటగా కాదు, కొటేషన్‌లో ఏడాదివారీగా రాసి ఇవ్వమనండి.

సింగ్‌నగర్ వాసి
నేను 3+3 వైపే ఉంటాను, కారణం చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మా కారు స్టీరింగు దాకా మునిగింది. నీళ్లు తీశాక స్టార్ట్ చేయవద్దని మెకానిక్ చెప్పడంతో బండి మీద ఎక్కించి వర్క్‌షాపుకు పంపాం. క్లెయిమ్ వచ్చింది, ఆ విషయంలో ఫిర్యాదు లేదు. కానీ అప్పటికి ఆరేళ్లుగా దాచుకున్న 50 శాతం ఆ ఒక్క క్లెయిముతో సున్నా అయింది. తరవాతి రెన్యువల్ కాగితం చూసి మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. మూడేళ్ల ధర ముందే కట్టేసి ఉంటే, ఆ రెండేళ్లూ ఆ దెబ్బ తగిలేది కాదు. బోనస్ ఎక్కువ ఉన్నవారికే పోగొట్టుకునేది ఎక్కువ.

గోదావరి సర్వేయరు
మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తెనాలి గారి లెక్కలోనే చూడండి. మొదటి ఏట క్లెయిమ్ అయితే తరవాతి రెండేళ్లకు 11,050 బదులు 20,040 కట్టాలి. దాదాపు 9,000 తేడా. మూడేళ్లకూ 50 శాతం రాసిస్తే 3+3 ఆ 9,000కు కాపుగా ఉంటుంది, అదనంగా ఏమీ తీసుకోకుండా. బోనస్‌ను కాపాడే యాడ్ఆన్ విడిగా కూడా దొరుకుతుంది, దాని ధరతో పోల్చి చూడండి.

నల్గొండ పద్మ
రెండేళ్లకే కారు అమ్మేయాల్సి వస్తే మూడో ఏటి డబ్బు పోయినట్టేనా?

గోదావరి సర్వేయరు
పోదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఏడాదికి మించిన పాలసీని రద్దు చేసుకుంటే ఇంకా మొదలుకాని సంవత్సరాల ప్రీమియం తిరిగి ఇవ్వాలి.

శేషు, వరంగల్
మరి నేనన్న రెండో మాట? నాలుగో ఏట బోనస్ సున్నా నుంచి మొదలవుతుందని మా ఏజెంటు గట్టిగా చెప్పాడు.

గోదావరి సర్వేయరు
క్లెయిమే లేకుండా మూడేళ్లు గడిస్తే, నాలుగో ఏట 35 శాతం దగ్గర ఉండాలి, ఏటా రెన్యువల్ చేసినవారితో సమానంగా. సున్నా అని రాసి ఉన్న పాలసీని నేనైతే తీసుకోను. చిక్కంతా మధ్యలో క్లెయిమ్ ఉన్నప్పుడే. మొదటి ఏట క్లెయిమ్ చేసి తరవాతి రెండేళ్లు చేయనివారికి చివర్లో 25 శాతం ఇవ్వాలా, మొత్తం పాలసీలో క్లెయిమ్ ఉంది కాబట్టి సున్నానా? పదాలు కంపెనీని బట్టి మారుతున్నాయి. 2020 ఆగస్టు నుంచి ఈ 3+3 పాలసీలను ఐఆర్‌డీఏఐ అప్పట్లో ఆపేసినప్పుడు చెప్పిన కారణాల్లో బోనస్ పద్ధతి అన్ని కంపెనీల్లో ఒకేలా లేకపోవడం కూడా ఒకటి. బలవంతపు అమ్మకాలు మరొకటి.

సింగ్‌నగర్ వాసి
క్లెయిమ్ లేని చివరి రెండేళ్లను లెక్కించకపోవడం అన్యాయం. ఏటా తీసుకున్నవారికి అవి లెక్కకు వస్తాయి కదా?

గోదావరి సర్వేయరు
వస్తాయి. అందుకే నేను ఇప్పటికీ ఏటా రెన్యువల్ వైపే మొగ్గుతాను, తెనాలి గారిలాంటి 50 శాతం కేసు తప్ప. మీరు ఒప్పుకోరని తెలుసు.

తెనాలి కొత్త కారు
ఇప్పుడే డీలరుకు ఫోన్ చేశాను. 50 శాతం మొదటి ఏటికే వర్తిస్తుందన్నాడు. ఏడాదివారీగా రాసి ఇమ్మంటే, కంపెనీని అడిగి రేపు చెబుతానన్నాడు. మా బావమరిదిని ఈ వారమే కారు బదిలీ కాగితాల మీద సంతకం పెట్టమన్నాను. రేపు డీలరు రాసిచ్చే కాగితం ఇక్కడే పెడతాను.