పాత పరిచయంలో కొత్త హోదా, సర్టిఫికెట్ ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది భీమవరం. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. పోయిన నెల టెక్నీషియన్ నుంచి ఇన్‌చార్జిని చేశారు. పరీక్షా ల్యాబుల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ఓ 17025లో ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ కూడా పూర్తయింది. వచ్చే వారం రైతుల సదస్సు కరపత్రంలో వేయడానికి నా పరిచయం అడిగారు.

2021లో రాసుకున్నది ఇదీ: "గత 5 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. నీటిలో అమ్మోనియా, ఆల్కలినిటీ, విబ్రియో పరీక్షలు చేస్తారు. ఆక్వా రైతు కుటుంబం నుంచి వచ్చారు."

మొత్తం తిరగరాసే ఓపిక లేదు, చివరి వాక్యమైతే నాకిష్టం కూడా. అందుకే మొదటిదొక్కటే మార్చాను: "2016 నుంచి ఆక్వా ల్యాబుల్లో పనిచేస్తున్నారు, ప్రస్తుతం ల్యాబ్ ఇన్‌చార్జి." సంవత్సరం వేస్తే ఏటా లెక్క మార్చే పని ఉండదు కదా.

చిక్కు రెండో వాక్యంతో వచ్చింది. "పర్యవేక్షిస్తారు" అని మారిస్తే కుర్చీలో కూర్చునేవాడిలా ఉంది. నేనింకా పొద్దున్నే ప్లేట్ల మీద విబ్రియో బ్యాక్టీరియా ఆకుపచ్చ కాలనీలు లెక్కపెడుతూనే ఉన్నాను. "చేస్తారు" అని వదిలేస్తే ప్రమోషన్ కనబడదు. ఏ మాట వాడాలి?

ఇంకోటి, సర్టిఫికెట్. మా కుర్రాడు "ఎన్ఏబీఎల్ సర్టిఫైడ్ అని పెట్టెయ్యండి సార్" అంటాడు. ఎన్ఏబీఎల్ అనే జాతీయ బోర్డు ఆ గుర్తింపు ల్యాబుకి ఇస్తుంది, మనిషికి కాదు. మా ల్యాబుకి ఇంకా రాలేదు. కాబట్టి "ఐఎస్ఓ 17025 ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ పొందారు" అనే రాస్తాను. రైతులు చదివే కాగితంలో అది హోదా పక్కనే ఉండాలా, చివర్లో ఉంటే సరిపోతుందా?