మోడెం అంకెలు చూశాకే ఫోను చేయాలా?

బరంపురం సభ్యుడు: వానలు మొదలైనప్పటి నుంచి సాయంత్రాలు కేబుల్ నెట్ తెగిపోతోంది. ఫోను చేస్తే మోడెం ఆపి మళ్లీ వేయమంటారు. ముందు బ్రౌజర్‌లో 192.168.100.1 అనే మోడెం పేజీ తెరిచి చూడమని మిత్రుడు చెప్పాడు. చూశాను: మోడెంకు వచ్చే Downstream Power 1.5 dBmV, సిగ్నల్ శుభ్రత చెప్పే SNR 37 dB, మోడెం పంపే Upstream Power 53 dBmV. మనం చూసి ప్రయోజనం ఉందా?

పర్లాకిమిడి సభ్యుడు: 1.5 అంటే చక్కటి సిగ్నలండీ. సున్నాకు అటూ ఇటూ 7 వరకు భయం లేదు. మీ ఇంటి లైను బాగుంది, తప్పు కంపెనీదే. ఫోను చేసి గట్టిగా అడగండి.

రాయగడ సభ్యుడు: నాకు మైనస్ 22 చూపిస్తోంది, అయినా నెట్ బాగానే నడుస్తోంది. ఈ అంకెలను నమ్మలేం.

ఛత్రపురం, పాత కేబుల్ టెక్నీషియన్: రాయగడ సోదరా, మీది ఫైబర్. అక్కడ కొలత dBm, మైనస్ 22 మామూలే. ఇక్కడ దానితో పోల్చకండి.

పర్లాకిమిడి గారు చెప్పిన హద్దు సరైనదే, కానీ అది వచ్చే దారి సంగతి. అసలు చూడాల్సింది 53. మోడెం పంపేది అవతలి పరికరానికి సరిగ్గా చేరకపోతే, గొంతు పెంచమని అది ఆజ్ఞ ఇస్తుంది. 35 నుంచి 49 మధ్య ఉంటే నిశ్చింత. 53 అంటే చాలా మోడెంలు అరవగలిగిన హద్దు దగ్గరికి వచ్చినట్లే. దారిలో ఇంకొంచెం నష్టం చేరినా లైను తెగుతుంది. మోడెం పిలుపుకు అవతలి నుంచి జవాబు రాలేదని చెప్పే T3 వరుసలు కూడా లాగ్‌లో ఉన్నాయేమో చూడండి.

టీవీకి, మోడెంకు లైనును విడగొట్టే స్ప్లిటర్ ఉంటే తీసి, కేబుల్‌ను నేరుగా మోడెంకు బిగించండి. దానికి ముందూ తర్వాతా పేజీని ఫొటో తీసుకోండి. మోడెం ఆపితే సరిదిద్దలేని తప్పులను చూపే Uncorrectables లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఆధారం పోతుంది.

బరంపురం సభ్యుడు: T3 వరుసలు తొమ్మిది ఉన్నాయి. స్ప్లిటర్ తీశాక Upstream 49.5కు దిగింది, Downstream 5 అయింది.

ఛత్రపురం: రెండు దారుల స్ప్లిటర్ తినేది సుమారు 3.5. రెండు వైపులా అంతే మారింది కాబట్టి దాని వాటా తేలిపోయింది. వచ్చేది 5 ఉన్నప్పుడు పంపేది 49.5 ఉండటం మాత్రం నాకు నచ్చలేదు. తుప్పు పట్టిన కనెక్టర్ తక్కువ ఫ్రీక్వెన్సీని ఎక్కువగా అడ్డుకుంటుంది. పైకి పంపే సిగ్నల్ నడిచేది అక్కడే. అందుకే ఇంటి బయటి కనెక్టర్‌పై నా అనుమానం. అది మీరు విప్పకండి, ఇప్పుడు ఫోను చేయండి.

పర్లాకిమిడి: పైకి వెళ్లే దారి నేను చూడలేదు, నిజమే. కానీ ఫోను ఎత్తేవాళ్లు ఈ అంకెలు రాసుకుంటారా? నా అనుభవంలో ఎప్పుడూ రాసుకోలేదు.

ఛత్రపురం: వాళ్లు రాసుకోకపోవచ్చు. ఇంటికి వచ్చే కుర్రాడికి ఆ రెండు ఫొటోలు చూపించండి, నిచ్చెన ఎక్కడ వేయాలో అతనికి తెలుస్తుంది.

బరంపురం సభ్యుడు: కుర్రాడు వచ్చి గోడ బయట కనెక్టర్ విప్పితే లోపలి రాగి తీగ పచ్చబడి ఉంది, కొత్తది వేశారు. ఇప్పుడు Upstream 44. వాన పడే సాయంత్రం మళ్లీ చూసి రాస్తాను.